చిల్లర్ ప్లాంటు చేతులు మారేటప్పుడు: సిబ్బందికి ఏం నేర్పాలి, పని వచ్చిందని ఎలా తేల్చుకోవాలి

సంక్షిప్తంగా

కొత్త భవనంలోని యంత్రాలను నిర్మాణ సంస్థ అప్పగించి వెళ్లేటప్పుడు నిర్వహణ సిబ్బందికి ఇచ్చే శిక్షణ చాలాచోట్ల రెండు రోజుల డెమో, ఒక హాజరు పట్టికతో అయిపోతుంది. ఎవరెవరు వచ్చారో ఆ పట్టిక చెబుతుంది, ఎవరికి ఏ పని వచ్చిందో చెప్పదు. సెంట్రల్ ఏసీకి చల్లటి నీరు అందించే చిల్లర్ ప్లాంటును ఉదాహరణగా తీసుకుని, శిక్షణ ఎక్కడ కుదించుకుపోతుందో, సెషన్లను ఏ క్రమంలో పెట్టాలో, ఒక్కొక్కరి సామర్థ్యాన్ని యంత్రం ముందే ఎలా పరీక్షించాలో ఈ వ్యాసం వివరిస్తుంది. సిబ్బంది ఎక్కువగా తడబడేది ఏదో ఒక యంత్రం దగ్గర కాదు, యంత్రాల మధ్య. ఎవరికి వారు తమ యంత్రం గురించి చెప్పి వెళ్లే శిక్షణలో ఆ మధ్య భాగం ఎవరి వంతుకూ రాదు.

శిక్షణ ఎందుకు చివరికి కుదించుకుపోతుంది

నిర్మాణ షెడ్యూల్లో శిక్షణది చివరి గడి. దానికి ముందు పైపుల ఫ్లషింగ్, పంపుల బ్యాలెన్సింగ్, కంట్రోల్స్ పరీక్షలు, అన్నీ కలిపి చూసే కమిషనింగ్ ఉంటాయి. వీటిలో ఏది ఆలస్యమైనా అప్పగింత తేదీ మాత్రం కదలదు కాబట్టి, తగ్గేది ఆ చివరి గడే. కాగితం మీద ఐదు రోజులున్న శిక్షణ ఒకటిన్నర రోజుకు వస్తుంది. అది కూడా కమిషనింగ్ పూర్తి కాని ప్లాంటు మీదే జరుగుతుంది. ఆటోలో నడవాల్సిన వ్యవస్థను ఇంజనీరు మాన్యువల్‌లో నడిపి చూపిస్తాడు. సిబ్బంది మొదట చూసిన పద్ధతి అదే కాబట్టి తర్వాత వాళ్లూ అదే అలవాటు చేసుకుంటారు.

రెండో కారణం మనుషులకు సంబంధించినది. నిర్వహణ కాంట్రాక్టు చాలాసార్లు అప్పగింతకు కొద్దివారాల ముందుగానీ ఖరారు కాదు. శిక్షణ రోజున హాలులో కూర్చున్నవాళ్లలో కొందరు మర్నాడు వేరే సైట్‌కు వెళ్లిపోయేవాళ్లు, రాత్రి షిఫ్టులో ఒంటరిగా ప్లాంటు చూసుకోవాల్సిన మనిషిని ఇంకా నియమించనే లేదు. ఇలాంటి చోట శిక్షణ ఎంత బాగా చెప్పినా అందాల్సినవాళ్లకు అందదు.

మూడో కారణం మీద అంతగా దృష్టి పడదు. శిక్షణ ఇచ్చేవాళ్లు విడివిడిగా వస్తారు. చిల్లర్ కంపెనీ ఇంజనీరుకు తన చిల్లర్ లోపలి సంగతులన్నీ తెలుసు. పంపుల సరఫరాదారుకు పంపులు తెలుసు. బీఎంఎస్, అంటే భవనంలోని యంత్రాలన్నిటినీ ఒకే స్క్రీన్ మీద నడిపే కంట్రోల్ వ్యవస్థ, దాన్ని పెట్టినవాళ్లకు గ్రాఫిక్సు, అలారాలు తెలుసు. చిల్లర్ ఆగినప్పుడు దాని వాల్వు మూసుకోకపోతే మిగతా ప్లాంటుకు ఏమవుతుందన్న ప్రశ్న మాత్రం ఈ ముగ్గురిలో ఎవరిదీ కాదు.

ఒక లోపం పూర్తి లెక్కతో

ఒక ప్లాంటులో 300 టన్నుల చిల్లర్లు మూడు ఉన్నాయనుకుందాం. రెండు నడవడానికి, ఒకటి స్టాండ్‌బై. చల్లటి నీరు 7 డిగ్రీల దగ్గర భవనంలోకి వెళ్లి 12 డిగ్రీల దగ్గర తిరిగి వస్తుంది. ఈ 5 డిగ్రీల తేడాతో 300 టన్నుల చల్లదనం, అంటే సుమారు 1,050 కిలోవాట్లు మోయాలంటే ఒక్కో చిల్లర్ గుండా సెకనుకు సుమారు 50 లీటర్ల నీరు పారాలి. చల్లటి నీటి పంపులన్నీ ఒకే హెడర్‌కు, అంటే అన్నిటినీ కలిపే పెద్ద పైపుకు, చిల్లర్లన్నీ మరో హెడర్‌కు కలిసి ఉంటాయి. అందువల్ల ఏ పంపైనా ఏ చిల్లర్‌కైనా నీరు పంపగలదు. ఆగి ఉన్న చిల్లర్ గుండా నీరు పారకుండా ఆపేది దాని మోటరైజ్డ్ వాల్వు ఒక్కటే.

లోడు తక్కువగా ఉన్న రోజు ఒక చిల్లర్ చాలు. అంతకుముందు ఎవరో ఒక టెక్నీషియన్ రెండో పంపును పరీక్షించడానికి దాని సెలెక్టర్‌ను ఆటో నుంచి హ్యాండ్‌కు తిప్పాడు. పంపు మూసిన దారిలోకి నెట్టకూడదని రెండో చిల్లర్ వాల్వును కూడా చేత్తో తెరిచాడు. పరీక్ష అయింది, ఈలోగా వేరే పిలుపు వచ్చి వెళ్లిపోయాడు. సెలెక్టర్ హ్యాండ్‌లోనే, వాల్వు తెరిచే ఉండిపోయాయి.

ఇప్పుడు రెండు పంపులు కలిసి సెకనుకు 100 లీటర్లు నెడుతున్నాయి. అందులో సగం నడుస్తున్న చిల్లర్ గుండా వెళ్లి 7 డిగ్రీలకు చల్లబడుతోంది. మిగతా సగం ఆగి ఉన్న చిల్లర్ గుండా 12 డిగ్రీలతోనే బయటికి వస్తోంది. రెండూ హెడర్‌లో కలిస్తే భవనానికి వెళ్లే నీరు 9.5 డిగ్రీలు. ఈ ఉష్ణోగ్రత దగ్గర ఏసీ కాయిల్స్ గాలిలో తేమను సరిగా తీయలేవు. గదులు చెమ్మగా, బరువుగా ఉన్నాయని ఫిర్యాదులు మొదలవుతాయి. కాయిల్స్ దగ్గరి కంట్రోల్ వాల్వులు పూర్తిగా తెరుచుకుంటాయి.

స్క్రీన్ మీద సరఫరా నీరు 9.5 అని కనిపించగానే చాలామంది ఆపరేటర్లు చేసేది రెండో చిల్లర్‌ను ఆన్ చేయడం. దాంతో సరఫరా మళ్లీ 7 డిగ్రీలకు వస్తుంది, ఫిర్యాదులు ఆగుతాయి. అసలు లోపం మాత్రం అలాగే ఉంటుంది. లోడు ఒక చిల్లర్‌కు సరిపడేదే కాబట్టి ఇప్పుడు రెండూ చెరి సగం లోడు మీద నడుస్తాయి. తిరిగొచ్చే నీరు 12 నుంచి 9.5కు పడిపోతుంది. రెండో చిల్లర్‌తో పాటు దాని వేడిని బయటికి పంపే ఇంకో కండెన్సర్ పంపు, ఇంకో కూలింగ్ టవర్ ఫ్యాను కూడా కరెంటు తాగుతుంటాయి. లాగ్ పుస్తకంలో ఆ రోజు ‘లోడు ఎక్కువ, రెండో చిల్లర్ ఆన్ చేశాం’ అని రాసి ఉంటుంది. కొన్ని నెలల తర్వాత కరెంటు బిల్లు చూసి ఎవరైనా అడిగితే తప్ప ఇది బయటపడదు.

తెలిసిన మనిషి దీన్ని రెండు నిమిషాల్లో పట్టుకుంటాడు. చిల్లర్ ప్యానెల్ మీద బయటికి వచ్చే నీరు 7 డిగ్రీలు, హెడర్ మీద 9.5. చిల్లర్ తన పని తాను చేస్తోంది, చల్లదనం దాని తర్వాతే పోతోందని ఈ రెండు అంకెలే చెబుతాయి. తర్వాత లోడు లెక్క. సెకనుకు 100 లీటర్లు, 2.5 డిగ్రీల తేడా అంటే 1,050 కిలోవాట్లు, అంటే ఒక చిల్లర్ మోయగలిగేదే. కాబట్టి చిల్లర్ల కొరత లేదు. మిగిలింది ఆగి ఉన్న చిల్లర్ దగ్గరికి వెళ్లి పైపు మీద చేయి పెట్టి చూడటం, వాల్వు సూచిక చూడటం.

ఈ లోపంలో ఏ ఒక్క యంత్రమూ చెడిపోలేదు. ఏ అలారమూ మోగలేదు. అందుకే శిక్షణ ప్రణాళికకు ఇది మంచి గీటురాయి. అప్పగింత శిక్షణ ముగిసేసరికి షిఫ్టు ఆపరేటర్ ఈ లోపాన్ని తనంతట తాను కనిపెట్టగలగాలి. అది లక్ష్యమైతే సెషన్లలో ఏముండాలో చాలావరకు దానంతట అదే తేలుతుంది.

సెషన్ల క్రమం

మొదటి సెషన్ తరగతి గదిలో కాదు, సీలింగు ఇంకా మూయని రోజుల్లో పైపుల వెంట నడకతో మొదలవ్వాలి. అప్పగింతకు రెండు మూడు నెలల ముందు కాబోయే షిఫ్టు ఇన్‌చార్జులనైనా పిలిపించి, స్కీమాటిక్ డ్రాయింగు చేతిలో పెట్టి, ప్లాంటు గది నుంచి చివరి అంతస్తులో గాలిని చల్లబరిచి గదుల్లోకి పంపే ఏహెచ్‌యూ వరకు పైపును వెంబడింపజేయాలి. తర్వాత కనిపించకుండా పోయే ఐసోలేషన్ వాల్వులు, ఎయిర్ వెంట్లు, డ్రెయిన్లు ఎక్కడున్నాయో కళ్లతో చూడగలిగేది అప్పుడే. ఈ సెషన్‌కు పరీక్ష సులభం. వాల్వులు లేని ఖాళీ డ్రాయింగు ఇచ్చి గుర్తించమనాలి. తర్వాత ‘మూడో అంతస్తు తూర్పు వైపు కాయిల్ కారుతోంది, ఏ వాల్వులు మూస్తారు?’ అని అడిగి అక్కడికి తీసుకెళ్లమనాలి. నోటితో చెప్పగలిగి కాళ్లతో వెళ్లలేకపోతే అసలు లీకు రోజున ఆ జవాబు పనికిరాదు.

రెండో సెషన్ సురక్షిత ఐసోలేషన్ మీద. దీన్ని నడిపే సెషన్ కన్నా ముందు పెట్టడానికి కారణం ఉంది. మిగతా సెషన్లలో ప్యానెళ్లు తెరుస్తారు, పంపుల దగ్గర నిలబడతారు. పంపును బీఎంఎస్ స్క్రీన్ మీద ఆఫ్ చేయడం ఐసోలేషన్ కాదు. ఆ ఆదేశం ఎక్కడి నుంచైనా మళ్లీ మారవచ్చు. ప్యానెల్‌లో ఐసోలేటర్ ఆపి, ఎవరి తాళం వారు వేసి, ట్యాగు కట్టి, వోల్టేజీ లేదని మీటరుతో తేల్చుకుని, వాల్వులు మూసి, లోపలి ఒత్తిడి వదిలాకే పని మొదలుపెట్టాలి. మీటరు పనిచేస్తోందో లేదో కరెంటు ఉన్నచోట ముందొకసారి, చివర మరోసారి పెట్టి చూసుకోవడం కూడా ఇందులో భాగమే. ఎక్కువమంది మరిచిపోయే అడుగు ఇదే.

మూడోది నడపడం, ఆపడం, చిల్లర్ మార్చడం. నీటితో చల్లబడే చిల్లర్‌కు సాధారణ క్రమం ఇది: ముందు వాల్వులు తెరుచుకోవాలి, చల్లటి నీటి పంపు, కండెన్సర్ పంపు నడవాలి, రెండు వైపులా నీరు పారుతోందని ఫ్లో స్విచ్చులు నిర్ధారించాలి, ఆ తర్వాతే కంప్రెసర్ మొదలవ్వాలి. ఆపేటప్పుడు ముందు కంప్రెసర్, కొన్ని నిమిషాల తర్వాత పంపులు, చివర వాల్వులు. క్రమం బట్టీపట్టించడం కన్నా ఒక్కో అడుగు తప్పితే ఏమవుతుందో చెప్పడం ముఖ్యం. నీటిని చల్లబరిచే ఇవాపరేటర్‌లో నీరు పారకుండా కంప్రెసర్ నడిస్తే గొట్టాల్లో నీరు గడ్డకట్టి అవి పగులుతాయి, నీరు రిఫ్రిజిరెంట్ వైపు చేరుతుంది. ఆ నష్టం తుడిచి బాగుచేసే రకం కాదు. ఫ్లో స్విచ్చు పదేపదే ట్రిప్ అవుతోందని దాన్ని తప్పించేలా వైరుతో జంపర్ వేసే అలవాటు ఎందుకు ప్రమాదకరమో ఇక్కడే అర్థం కావాలి.

ఈ సెషన్‌లోనే కరెంటు పోయి వచ్చిన తర్వాతి పరిస్థితి కూడా రావాలి. చిల్లర్లు ఆగిన వెంటనే మళ్లీ మొదలుకావు. కంప్రెసర్‌ను కాపాడటానికి రెండు స్టార్టుల మధ్య విరామం ఉంటుంది, అది ఎంతన్నది యంత్రాన్ని బట్టి మారుతుంది. ఇది తెలియని ఆపరేటర్ టెన్షన్‌లో రీసెట్ బటన్ నొక్కుతూనే ఉంటాడు. కరెంటు చాలాసేపు పోతే ఇంకో సమస్య. ఆయిల్ హీటర్ ఉన్న చిల్లర్లలో హీటర్ చల్లారితే రిఫ్రిజిరెంట్ నూనెలో కరుగుతుంది. అలాగే స్టార్ట్ చేస్తే నూనె నురగెత్తి బేరింగులకు సరిగా అందదు. తయారీదారు చెప్పిన నూనె ఉష్ణోగ్రత వచ్చేదాకా, ఒక్కోసారి గంటల కొద్దీ, ఆగాల్సిందే. చల్లదనం కావాలని ఎంత ఒత్తిడి వచ్చినా ‘ఇప్పుడు కుదరదు’ అని ఎప్పుడు చెప్పాలో ఆపరేటర్‌కు తెలియాలి. అలా చెబితే వెనక నిలబడేవాళ్లు ఎవరో కూడా తెలియాలి.

నాలుగో సెషన్ అంకెలు చదవడం. లాగ్ షీటు నింపడం అందరికీ వస్తుంది, అందులో తేడా కనిపెట్టడం కొందరికే వస్తుంది. ఇక్కడ ఒకే ఒక్క అంకెను లోతుగా నేర్పినా చాలు. కండెన్సర్‌లో రిఫ్రిజిరెంట్ ద్రవంగా మారే ఉష్ణోగ్రతకూ, కండెన్సర్ నుంచి బయటికి వచ్చే నీటి ఉష్ణోగ్రతకూ మధ్య తేడాను అప్రోచ్ అంటారు. శుభ్రమైన గొట్టాలతో కమిషనింగ్ రోజున నిండు లోడు మీద అది 1.5 డిగ్రీలు వచ్చిందనుకుందాం. ఆరు నెలల తర్వాత అదే లోడు మీద 4 డిగ్రీలు చూపిస్తే గొట్టాల్లో పొర పేరుకుందని మొదటి అనుమానం. అయితే లోడు తగ్గితే అప్రోచ్ కూడా దానంతట అదే తగ్గుతుంది. సగం లోడు మీద వచ్చిన 2 డిగ్రీలను నిండు లోడు నాటి 1.5తో పోల్చి ‘అంతా బాగానే ఉంది’ అనుకుంటే పొరపాటు. కమిషనింగ్ నివేదికలోని అంకెలను వేర్వేరు లోడుల దగ్గర ఒక పేజీకి తెచ్చి ప్యానెల్ పక్కన అంటించడం ఈ సెషన్ నుంచి రావాల్సిన ఫలితం.

కూలింగ్ టవర్ నీటి శుద్ధికి విడిగా ఒక చిన్న సెషన్ అవసరం. టవర్ నీరు ఉండే ఉష్ణోగ్రతల్లోనే లెజియోనెల్లా బ్యాక్టీరియా పెరుగుతుంది. తుంపరల ద్వారా మనుషుల ఊపిరితిత్తుల్లోకి వెళ్లగలదు కాబట్టి ఇది పొర పేరుకోవడంతో ఆగే సంగతి కాదు. మందు మోతాదు, లవణాలు పేరుకున్న నీటిని బయటికి వదిలే బ్లోడౌన్ వాల్వు, నీటి వాహకత కొలత చేసి చూపించగలగాలి. ప్రయోగశాల పరీక్షలు, వాటి ఫలితాల మీద నిర్ణయాలు నిపుణుల పని అనే గీత కూడా స్పష్టంగా గీయాలి.

చివరిది లోపాలు వెతికే సెషన్. దాన్ని పరీక్షతో కలిపి చూడాలి.

గంటలు లెక్కేస్తే

శిక్షణ గంటలు ఎందుకు చాలవో వాదించడం కన్నా కూడిక చేస్తే తేలిపోతుంది. మూడు షిఫ్టుల్లో 12 మంది పనిచేసే ప్లాంటు అనుకుందాం. ఎప్పుడూ ఎవరో ఒకరు డ్యూటీలో ఉండాలి కాబట్టి ప్రతి సెషన్ రెండుసార్లు జరగాలి. దానికి తోడు చిల్లర్ గది మోతలో ఆరుగురికి మించి ఉంటే వెనకవాళ్లకు మాట వినిపించదు. ఐదు ప్రధాన సెషన్లు, ఒక్కోటి మూడు గంటలు, రెండు బ్యాచులు అంటే 30 గంటలు. 12 మందిలో ప్లాంటును నేరుగా నడిపేవాళ్లు 8 మంది, ఒక్కొక్కరికి 20 నిమిషాల చొప్పున మూడు పరీక్షలంటే ఇంకో 8 గంటలు. నీటి శుద్ధి, తప్పినవాళ్లకు మళ్లీ పరీక్ష కలిపితే 40 గంటలు దాటుతుంది. కాంట్రాక్టులో ‘రెండు రోజుల శిక్షణ’ అని రాసి ఉంటే దొరికేది 16 గంటలు.

ఈ తేడా అప్పగింత వారంలో కనిపిస్తే ఎవరూ ఏమీ చేయలేరు. టెండరు పత్రంలోనే సెషన్ల సంఖ్య, బ్యాచి పరిమితి, ఏ పనికి ఏ పరీక్ష, అప్పగింత తర్వాత ఎన్ని సందర్శనలు అన్నది రాసి ఉంటే కాంట్రాక్టరు వాటికి ధర కట్టే వస్తాడు. కమిషనింగ్ ప్రక్రియ మీద ఏసీ రంగ ఇంజనీర్ల సంఘం ఆష్రే వెలువరించిన గైడ్‌లైన్ 0 కూడా సిబ్బంది శిక్షణను చివరిరోజు పనిగా కాక ప్రాజెక్టు మొదటి నుంచీ నడిచే ప్రక్రియలో భాగంగానే చూస్తుంది. ఆచరణలో పత్రం తయారుచేసేవాళ్లు ‘తగినంత శిక్షణ ఇవ్వవలెను’ అనే ఒక్క వాక్యంతో సరిపెడతారు. తర్వాతి తగాదాలన్నీ ఆ ‘తగినంత’ చుట్టూనే తిరుగుతాయి.

పరీక్ష ఎలా ఉండాలి

రాతపరీక్షకు ఒక పరిమితి ఉంది. స్టార్ట్ క్రమాన్ని తప్పుల్లేకుండా రాసిన మనిషి ప్యానెల్ ముందు నిలబడ్డాక ఏ స్విచ్చు తిప్పాలో వెతుక్కోవచ్చు. అక్షరాల మీద పట్టులేని పాత టెక్నీషియన్ దాన్ని కళ్లు మూసుకుని చేయగలగవచ్చు. అందువల్ల ముఖ్యమైన పనులకు చేయించి చూడటమే పరీక్ష. చేస్తూ ప్రతి అడుగు ఎందుకో నోటితో చెప్పమనాలి.

మార్కులు వేసే పద్ధతిలో ఒక జాగ్రత్త కావాలి. చిల్లర్ మార్చే పనిలో పది అడుగులుంటే తొమ్మిది చేసినవాడికి 90 శాతం వచ్చినట్టు లెక్క. తప్పిన ఆ ఒక్క అడుగు నీరు పారుతోందో లేదో చూడటం అయితే మిగతా తొమ్మిదీ వృథా. కాబట్టి ప్రతి పనిలో కీలకమైన రెండు మూడు అడుగులు ముందే గుర్తించాలి. వాటిలో ఏది తప్పినా మొత్తం పని తప్పినట్టే. మిగతా అడుగుల్లో చిన్న తడబాటును అక్కడికక్కడే సరిదిద్ది ముందుకు పోవచ్చు. పరీక్షకుడు అందించిన ప్రతి మాటనూ నమోదు చేయాలి. ‘ఇంకేమైనా చూడాలా?’ అని అడగడం కూడా అందించడమే.

ఫలితాన్ని పాస్, ఫెయిల్ అనే రెండు గడుల్లో కన్నా మూడు స్థాయిల్లో రాస్తే రోస్టరుకు పనికొస్తుంది: పర్యవేక్షణలో చేయగలడు, ఒంటరిగా చేయగలడు, ఇతరులకు నేర్పగలడు. రాత్రి షిఫ్టులో ఒంటరిగా ఉండే మనిషికి ఐసోలేషన్, స్టార్ట్–స్టాప్, కరెంటు పోయి వచ్చిన తర్వాతి క్రమం ఈ మూడింటిలో రెండో స్థాయి తప్పనిసరి. ఆ స్థాయి ఇంకా రాకపోతే అతన్ని ఒంటరిగా వేయకూడదు. ఆ షిఫ్టుకు కాంట్రాక్టరు మనిషి ఇంకొన్నాళ్లు ఉండాలి. పేర్లు ఒకవైపు, పనులు ఒకవైపు ఉన్న ఈ పట్టికే హాజరు పట్టిక స్థానంలో అప్పగింత పత్రాల్లోకి వెళ్లాలి.

పరీక్షించేది ఎవరన్నదీ ముఖ్యమే. శిక్షణ ఇచ్చినవాళ్లే పరీక్షిస్తే అందరూ పాసవుతారు, ఎందుకంటే ఫెయిలైతే మళ్లీ రావాల్సింది వాళ్లే. యజమాని తరఫు కమిషనింగ్ ఇంజనీరు పరీక్షిస్తే, శిక్షకుడు పక్కన ఉంటే ఈ చిక్కు తగ్గుతుంది. సిబ్బంది వైపు భయం మరోలా ఉంటుంది. ఇందులో తప్పితే ఉద్యోగం పోతుందన్న అనుమానం ఉంటే ఎవరూ ‘నాకు తెలియదు’ అనరు. ఫలితం శిక్షణ కోసమే తప్ప ఉద్యోగం నిర్ణయించడానికి కాదని నిర్వహణ సంస్థతో ముందే రాయించుకోవడం మేలు.

కావాలని లోపం పెట్టి చూడటం

పైన చెప్పిన 9.5 డిగ్రీల లోపాన్ని భవనంలోకి మనుషులు రాకముందు నిజంగానే పెట్టవచ్చు. కమిషనింగ్ ఇంజనీరు రెండో పంపును హ్యాండ్‌లో, రెండో చిల్లర్ వాల్వును తెరిచి ఉంచుతాడు. ఆపరేటర్‌ను పిలిచి ‘పై అంతస్తుల్లో చల్లగా లేదని ఫోన్ వచ్చింది’ అని మాత్రమే చెబుతాడు. ఖాళీ భవనంలో లోడు తక్కువ కాబట్టి అంకెలు సరిగ్గా 7, 12, 9.5 రాకపోవచ్చు. చిల్లర్ అంకెకూ హెడర్ అంకెకూ మధ్య తేడా మాత్రం కనిపిస్తుంది. చూడాల్సింది ఆపరేటర్ ఏ క్రమంలో వెతికాడన్నది. రెండో చిల్లర్ ఆన్ చేయబోతే ఆపి, ఆ నిర్ణయానికి ఏ అంకె కారణమని అడగాలి. వాల్వును కనిపెట్టి మూసినా పంపు సెలెక్టర్‌ను ఆటోలోకి తిప్పడం మరిచిపోతే సగం పనే అయినట్టు. ఇది పూర్తయ్యాక ఒక కొనసాగింపు ప్రశ్న వేయవచ్చు: వాల్వు ఇలాగే తెరిచి ఉండి, పంపు మాత్రం ఒక్కటే నడుస్తుంటే? అప్పుడు నడుస్తున్న చిల్లర్‌కు దాదాపు సగం నీరే అందుతుంది, అది ఫ్లో తక్కువై ట్రిప్ కావచ్చు. ఒకే తప్పు రెండు వేర్వేరు రూపాల్లో కనిపిస్తుందని అర్థమైనవాళ్లు ఈ ప్రశ్నకు ఆగకుండా జవాబిస్తారు.

అన్ని లోపాలనూ ఇలా పెట్టకూడదు. పంపు సక్షన్ వాల్వును కాస్త మూసి, చెత్తను పట్టే జల్లెడ అయిన స్ట్రెయినర్ మూసుకుపోయినట్టు చూపించాలని కొందరికి అనిపిస్తుంది, దానివల్ల పంపులో కేవిటేషన్, అంటే నీటిలో ఆవిరి బుడగలు పుట్టి పగలడం, మొదలై ఇంపెల్లర్ దెబ్బతినవచ్చు. స్ట్రెయినర్‌కు అటూ ఇటూ ఉన్న గేజీల ఫొటోలు చూపించి అడిగితే చాలు. నిర్మాణ దుమ్ము, వెల్డింగు ముక్కలు మొదటి వారాల్లో స్ట్రెయినర్లలో చేరడం మామూలే కాబట్టి అసలు సందర్భం ఎలాగూ త్వరలోనే వస్తుంది. రిఫ్రిజిరెంట్ లీకు, మంటలు వంటివి బల్ల చుట్టూ కూర్చుని మాట్లాడే కసరత్తుగానే ఉండాలి. రక్షణ స్విచ్చులను బైపాస్ చేసి చూపించడం ఏ కారణంతోనూ తగదు. డెమోగా చూసినదే రేపు ఉపాయంగా మారుతుంది.

అప్పగింత తర్వాత

అప్పగింత రోజున ప్లాంటు చాలావరకు ఖాళీ భవనానికి చల్లదనం ఇస్తుంటుంది. నిండు లోడు, మూడో చిల్లర్ అవసరమయ్యే సందర్భం, తేమ ఎక్కువగా ఉన్న రోజుల్లో కూలింగ్ టవర్ తీరు అప్పుడు కనిపించవు. అందుకే పరీక్షలో ఒక భాగాన్ని వెనక్కి నెట్టడం సరైన పని. మనుషులు వచ్చిన 30 నుంచి 60 రోజుల్లో ఒకసారి, ఎండాకాలపు లోడు మీద మరోసారి శిక్షకులు తిరిగి రావాలి. మొదటి సందర్శనలో కొత్తగా చెప్పాల్సింది తక్కువ. ప్లాంటు చుట్టూ తిరిగి హ్యాండ్‌లో ఉండిపోయిన సెలెక్టర్లను, స్క్రీన్ మీద ఓవర్‌రైడ్ చేసి వదిలేసిన సెట్‌పాయింట్లను లెక్కపెడితే చాలు. ఒక్కో దాని వెనకా సిబ్బందికి అర్థంకాని ఒక సంగతో, కంట్రోల్స్‌లో నిజంగానే ఉన్న ఒక లోపమో ఉంటుంది. రెండోది అయితే దాన్ని వారంటీలోనే సరిచేయించుకోవచ్చు. ఈ సందర్శనలు జరిగేలా చూడాలంటే చివరి చెల్లింపులో కొంత భాగం వాటికి ముడిపడి ఉండాలి. లేకపోతే కాంట్రాక్టరు బృందం అప్పటికే ఇంకో సైట్‌లో ఉంటుంది.

సిబ్బంది మారడం ఈ ప్రణాళికలన్నిటికీ ఉన్న అతిపెద్ద పరిమితి. ప్లాంటును నేరుగా నడిపే ఆ 8 మందిలో ఏడాది చివరికి ముగ్గురే మిగలవచ్చు. సెషన్లను వీడియో తీయడం కొంత సాయం. అయితే మూడు గంటల రికార్డింగును ఎవరూ మళ్లీ చూడరు, ఒక్కో పనికి ఐదు పది నిమిషాల ముక్కగా కోసి ఆ పని పేరుతోనే భద్రపరిస్తే చూస్తారు. అంతకన్నా గట్టిది, మూడో స్థాయికి చేరిన ఇద్దరికి పరీక్షించే బాధ్యత అప్పగించి, వాళ్లు అదే చెక్‌లిస్టుతో కొత్తవాళ్లను పరీక్షించాకే రాత్రి షిఫ్టు ఇవ్వడం. ఆ ఇద్దరు కూడా వెళ్లిపోయే పక్షంలో వారసుడిని తయారుచేయడం నిర్వహణ కాంట్రాక్టులో షరతుగా ఉండాలి.

చెక్‌లిస్టులు కూడా పాతబడతాయి. బీఎంఎస్ సాఫ్ట్‌వేర్ మార్చినా, చిల్లర్లు ఒకదాని తర్వాత ఒకటి ఎక్కే లాజిక్‌ను సవరించినా, పంపులకు కొత్తగా మోటారు వేగం మార్చే వీఎఫ్‌డీలు పెట్టినా స్టార్ట్ క్రమంలో ఏదో ఒక అడుగు మారుతుంది. మార్పు ఆమోదించే ఫారంలోనే ‘ఏ పనులకు మళ్లీ పరీక్ష కావాలి’ అనే గడి ఒకటి పెట్టి, అది నింపకుండా మార్పు పూర్తయినట్టు సంతకం చేయకపోతే పట్టికలోని పేర్లు, స్థాయిలు అప్పటి ప్లాంటుకు సరిపోతూ ఉంటాయి.